రిఫరెన్స్ కాల్ వచ్చినప్పుడు: పాత టీమ్ మనిషి గురించి ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

"సార్, మీ దగ్గర పనిచేసిన అబ్బాయి ఒకరు మా దగ్గర సెలెక్ట్ అయ్యారండి. రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

సాఫ్ట్‌వేర్ కంపెనీలో కొన్నేళ్లు టీమ్‌ని నడిపినవాళ్లకి ఈ ఫోన్ కొత్త కాదు. సరిగ్గా రెండు మీటింగుల మధ్య వస్తుంది. కారిడార్‌లోకి వెళ్లి "మంచి కుర్రాడండి, కష్టపడతాడు, అందరితో కలిసిపోతాడు" అని మూడు ముక్కలు చెప్పి పెట్టేస్తాం. ఆ అబ్బాయితో మనకి అంతగా పడకపోయి ఉంటే కాసేపు నీళ్లు నమిలి "పర్లేదండీ" అంటాం. మొదటి జవాబుతో అవతలివాళ్లకి తెలిసేది ఏమీ లేదు. రెండోదానితో ఆ కుర్రాడికి దెబ్బ తగులుతుంది, అదీ ఎందుకు తగిలిందో ఎవరికీ తెలియకుండా.

నిజం చెబితే అన్యాయం అయిపోతుందేమో, న్యాయంగా ఉండాలంటే కొంత దాచాలేమో అన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. మనిషి మీద తీర్పు చెప్పాలనుకుంటాం కాబట్టే ఈ ఇబ్బంది. రిక్రూటర్‌కి మన దగ్గర నుంచి కావలసింది సాక్ష్యం. తీర్పు వాళ్లు చెప్పుకుంటారు. మనం కళ్లారా చూసింది, ఏ పరిస్థితుల్లో చూశామో, అది తర్వాత మారిందో లేదో చెప్పగలిగితే చాలు.

ముందు మనం అడగాల్సినవి

మన దగ్గర రెండు వేర్వేరు పనుల్ని ఒకే పేరుతో పిలుస్తారు. ఒకటి బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్. చేరిన తేదీ, మానేసిన తేదీ, హోదా, ఎగ్జిట్ ఫార్మాలిటీస్ పూర్తయ్యాయా లేదా అన్నది పాత కంపెనీ హెచ్‌ఆర్ దగ్గర సరిచూస్తారు. పీఎఫ్ యూఏఎన్‌లో ఉన్న సర్వీస్ హిస్టరీతో తేదీలు పోల్చేవాళ్లూ ఉన్నారు. ఏజెన్సీలు ఆ రిపోర్టుకి ఆకుపచ్చ, పసుపు, ఎరుపు రంగులు వేస్తుంటాయి. మేనేజర్ ఈ ప్రశ్నల జోలికి పోకపోవడమే మంచిది. "జూన్‌లో మానేశాడనుకుంటానండి" అని మనం నోటి లెక్క చెబుతాం. కాగితం మీద ఆగస్టు ఉంటుంది. మన మతిమరుపు ఆ అబ్బాయి రిపోర్టులో తేడాగా కనిపిస్తుంది. తేదీలు, జీతం అడిగితే "అవి హెచ్‌ఆర్‌ని అడగండి" అనేయాలి.

రెండోది అసలు రిఫరెన్స్, అంటే పై అధికారిగా మనం చూసిన పని గురించి అడిగేది. ఇది ఏ దశలో అడుగుతున్నారో చాలామంది కనుక్కోరు. ఆఫర్ ఇవ్వకముందు అడిగితే ఒక లెక్క. కానీ మన దేశంలో ఆఫర్ ఇచ్చాక, ఒక్కోసారి చేరిపోయాక కూడా ఈ చెక్ నడుస్తూ ఉంటుంది. మూడు నెలల నోటీస్ పీరియడ్ ఉన్న చోట ఆ కుర్రాడు అప్పటికే ఉన్న ఉద్యోగానికి రాజీనామా పెట్టేసి ఉంటాడు. మనం ఆచితూచి చెప్పని ఒక్క మాటతో రెండిటికీ చెడిన రేవడి అవుతాడు. దశ తెలిసినంత మాత్రాన చెప్పే నిజం మారదు. ఆ నిజాన్ని ఎంత జాగ్రత్తగా చెప్పాలో తెలుస్తుంది.

కాబట్టి మొదటి ఫోన్‌లోనే జవాబు చెప్పక్కర్లేదు. "ఏ పోస్టుకి తీసుకుంటున్నారు? ఆఫర్ ఇచ్చారా? మీ కంపెనీ మెయిల్ ఐడీ నుంచి ఒక లైన్ పంపండి, రేపు నేనే ఫోన్ చేస్తాను" అంటే ఎవరూ తప్పుపట్టరు. రిక్రూటర్‌నని చెప్పి ఇంకెవరో కూపీ లాగే అవకాశానికీ దీంతో అడ్డుకట్ట పడుతుంది. మీ కంపెనీ రూలు కూడా ఒకసారి చూసుకోవాలి. అధికారికంగా హెచ్‌ఆర్ మాత్రమే మాట్లాడాలనే కంపెనీలు చాలా ఉన్నాయి. అలాంటప్పుడు "ఇది నా వ్యక్తిగత అభిప్రాయం, కంపెనీ తరఫున కాదు" అని ముందే చెప్పి, కంపెనీ మెయిల్, లెటర్‌హెడ్ వాడకుండా మాట్లాడటం ఒక దారి. రూలు అదీ ఒప్పుకోకపోతే ఆ మాటే చెప్పాలి. "మా దగ్గర ఎవరి గురించైనా తేదీలు తప్ప ఇంకేం చెప్పరండీ, ఈయనొక్కడికే కాదు" అని కలపకపోతే మన మౌనాన్ని వాళ్లు చెడుగా అర్థం చేసుకుంటారు.

ఒక కేసు

ఐటీ ఆఫీసుల్లో తరచూ కనిపించే లాంటి కేసే ఒకటి తీసుకుందాం. జీతాల లెక్కలు వేసే సాఫ్ట్‌వేర్ టీమ్‌లో ఒక బ్యాకెండ్ డెవలపర్ రెండున్నరేళ్లు పనిచేశాడు. ఇప్పుడు వేరే కంపెనీ పేమెంట్స్ టీమ్‌లో సీనియర్ డెవలపర్‌గా తీసుకుంటున్నారు. పేరు వినగానే పాత మేనేజర్‌కి గుర్తొచ్చేవి నాలుగు. పని బాగా చేస్తాడు కానీ డెడ్‌లైన్ తప్పుతాడు. ఒక శుక్రవారం సాయంత్రం ఇతని వల్ల ప్రొడక్షన్ ఆగిపోయింది. రిలీజ్ ముందు మనల్ని ముంచేసి వెళ్లిపోయాడు. వెళ్లే ముందు ఆఫీస్ టైమ్‌లోనే ఇంటర్వ్యూలు ఇచ్చాడట.

మేనేజర్ ఇంకా ఆ కంపెనీలోనే ఉంటే, తిరిగి ఫోన్ చేసే ముందు ఒక అరగంట పాత జిరా టికెట్లు, అప్రైజల్ నోట్సు తిరగేస్తే చాలా తేలుతుంది. ఇవి గుర్తు తెచ్చుకోవడానికే. అందులోని క్లయింటు పేర్లు, వివరాలు బయటికి పోకూడదు.

ముందు డెడ్‌లైన్ సంగతి. ఆలస్యమైన టికెట్లు ఒక్కోటీ తెరిచి చూస్తే దాదాపు సగం బ్యాంకుకి పంపే జీతాల ఫైలుకి సంబంధించినవి. పని మధ్యలో బ్యాంకు ఆ ఫైలు ఫార్మాట్ మార్చింది. అక్కడ ఎవరున్నా ఆలస్యమే. మిగతా సగంలో తప్పు ఇతనిదే. కానీ అది నెమ్మదిగా పనిచేయడం కాదు. మూడు రోజులు ఒక చోట ఇరుక్కుపోయి ఎవరికీ చెప్పకుండా కొట్టుకుని, గడువు ముందురోజు సాయంత్రం "అవ్వలేదన్నా" అనేవాడు. రోజూ పొద్దున పదకొండింటికి "ఎక్కడ ఆగావు?" అని అడగడం మొదలుపెట్టాక, చివరి ఎనిమిది నెలల్లో అలాంటివి రెండే కనిపించాయి. అంటే మేనేజర్ బుర్రలో ఉన్నది మొదటి ఏడాది మనిషి. చివరి ఏడాది మనిషి వేరు.

శుక్రవారం సంగతి. పెద్ద టేబుల్‌లో కొత్త కాలమ్ చేర్చే స్క్రిప్టు అందరూ వాడుతున్న వేళ నడిచింది. టేబుల్ లాక్ అయి నలభై నిమిషాలు ఎవరికీ పేస్లిప్ తెరుచుకోలేదు. స్క్రిప్టు రాసింది ఇతనే. అయితే రివ్యూ చేసి సరే అన్నది టీమ్‌లో ఇంకో సీనియర్. నలుగురిలో తప్పు ఒప్పుకున్నది, సోమవారానికల్లా ఏం జరిగిందో నోట్ రాసింది, రిలీజ్ చెక్‌లిస్టులో ఆ పాయింటు చేర్చింది మాత్రం ఇతను. పేమెంట్స్ టీమ్‌కి నిజంగా పనికొచ్చే సమాచారం ఏదైనా ఉంటే అది ఇదే. ఇది చెడ్డ కథ అని దాచిపెడితే అతనికే నష్టం.

మూడోది పక్కన పెట్టేయొచ్చు. ఉద్యోగం మారడం తప్పు కాదు. హ్యాండోవర్ డాక్యుమెంట్ ఇచ్చి, నోటీస్ పూర్తి చేసి వెళ్లినవాడు ముంచేసి వెళ్లినట్టు కాదు. మనకి మిగిలేది ఆ చివరి రెండు నెలల కోపం. నోటీస్ పీరియడ్‌లో ఎవరి జోరైనా తగ్గుతుంది. దాన్ని బట్టి రెండున్నరేళ్లని కొలవకూడదు. నాలుగోది విన్నమాట. "అట" అని వచ్చే ఏ సంగతైనా రిఫరెన్స్‌లోకి రాకూడదు. నా లెక్కలో దీనికి మినహాయింపు లేదు.

ఒక ముద్ర మిగతా అన్నిటినీ కమ్మేయడం మన ఒక్కరి బలహీనత కాదు. అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో సైనికాధికారులు తమ కింది వాళ్లకి వేసిన మార్కులు పరిశీలించాడు. తెలివి, శరీర దారుఢ్యం, నాయకత్వం, శీలం వేర్వేరు విషయాలైనా మార్కులు మాత్రం ఒకదానివెంట ఒకటి పోయాయి. ఒకదాంట్లో మంచివాడనుకుంటే అన్నిట్లోనూ మంచి మార్కులే. దాన్నే హాలో ఎఫెక్ట్ అంటారు. టికెట్లు తెరిచి చూడటం దానికి విరుగుడు.

ఫోన్‌లో ఎలా చెప్పాలి

"డెడ్‌లైన్స్ మీట్ అవుతారా సార్?" ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది.

"మొదట్లో ఇరుక్కున్నప్పుడు ఆలస్యంగా చెప్పేవాడు, రోజూ అడిగే పద్ధతి పెట్టాక చివరి ఎనిమిది నెలల్లో ఆ సమస్య బాగా తగ్గిందండి."

ఇది ఒకే వాక్యంలో ఉండటం యాదృచ్ఛికం కాదు. రిక్రూటర్ పేజీలకి పేజీలు రాసుకోడు. ఫోన్ పెట్టేశాక తన ఫారంలో ఒక్క లైన్ కొడతాడు. "డెడ్‌లైన్లు తప్పేవాడండి" అని ఆగి, ఊపిరి పీల్చుకుని "కానీ తర్వాత..." అన్నామనుకోండి. మొదటి ముక్క రాసుకునేసరికి రెండోదాని మీద ధ్యాస ఉండదు. లోపం, దాని పరిస్థితి, తర్వాతి మార్పు మూడూ విడదీయలేనట్టు ఒకే వాక్యంలో ఉంటే, కుదించి రాసినా అర్థం చెడదు. ఇంకా నమ్మకం లేకపోతే ఫోన్ అయ్యాక "మనం మాట్లాడుకున్నది ఇదీ" అని నాలుగు లైన్ల మెయిల్ మనమే పంపొచ్చు. నేనైతే పంపుతాను. రేపు ఎవరైనా అడిగితే నేనేం అన్నానో నాకూ ఆధారం ఉంటుంది.

"మరి ఆయన వీక్‌నెస్ ఏంటి సార్?" అని సూటిగా అడిగితే "ఏమీ లేవండీ" అనకూడదు. అలా అంటే పొగడ్తలు కూడా ఎవరూ నమ్మరు. పై కేసులో జవాబు సిద్ధంగానే ఉంది. కొత్త పనిలో మొదటి రెండు మూడు నెలలు తనంతట తను వచ్చి అడగడు, మీరే అడగండి. ఇలా చెబితే కొత్త మేనేజర్‌కి మొదటి రోజు నుంచి పనికొస్తుంది. ఆ కుర్రాడికీ మేలే.

మళ్లీ తీసుకుంటారా అన్న ప్రశ్న దగ్గర ఎక్కువమంది తడబడతారు. హెచ్‌ఆర్ ఫారంలో ఉండేది అర్హత సంగతి, అది రికార్డు చూసి చెప్పేది. మనల్ని అడిగేది ఇష్టం సంగతి. దీనికి ఏ పనికి అన్నది కలపకుండా జవాబు ఇవ్వకూడదు. "బ్యాకెండ్ డెవలపర్‌గా అయితే రేపే తీసుకుంటాను. పదిమందిని నడిపే పని అతను నా దగ్గర చేయలేదు, కాబట్టి దాని గురించి చెప్పలేను." చూడనిది చూడలేదని చెప్పడం తప్పించుకోవడం కాదు. అయితే ఆ మాటని లోపంలా వినిపించకుండా, అవకాశం రాలేదని స్పష్టంగా చెప్పాలి.

ఆన్‌లైన్ ఫారం పంపితే అయిదుకి ఇన్ని మార్కులు వేయమంటారు. అందరూ నాలుగులు, అయిదులు వేసే చోట మూడు వేస్తే, అది మన దృష్టిలో సగటే అయినా, అక్కడ ప్రమాద సూచనలా కనిపిస్తుంది. మూడు వేయడం తప్పని కాదు, పక్కన కామెంట్ లేకుండా వేయకూడదు. చూడని విషయానికి మధ్యలో ఏదో అంకె వేసేయకుండా ఖాళీగా వదిలి "నా దగ్గర ఈ పని లేదు" అని రాయాలి.

పొట్ట కొట్టకూడదని

మనవాళ్లలో చాలామంది ఎక్కువగా పొగిడేది "ఎందుకులే, ఒకరి పొట్ట కొట్టడం" అని. ఉద్దేశం మంచిదే. కానీ సీనియర్ పోస్టుకి సరిపడని మనిషిని గొప్పగా చెప్పి పంపితే, ప్రొబేషన్‌లో తీసేసినప్పుడు ఆ పొట్టే మాడుతుంది. పైగా అదే కంపెనీకి రెండేళ్ల తర్వాత మన దగ్గర నుంచి నిజంగా మంచి ఇంజినీర్ వెళితే, ఆమె గురించి మనం చెప్పేది ఎవరూ లెక్కచేయరు. హైదరాబాద్ ఐటీలో రిక్రూటర్లు కంపెనీలు మారతారు గానీ వాళ్ల జ్ఞాపకాలు వాళ్లతోనే వెళతాయి.

నిజంగా ఏమీ మంచి చెప్పలేని మనిషి అయితే ముందే తప్పుకోవడం న్యాయం. "అన్నా, మీ పేరు రిఫరెన్స్‌గా ఇవ్వనా?" అని వాట్సాప్ వచ్చినప్పుడే చెప్పేయాలి. "ఇవ్వు తమ్ముడూ. డెడ్‌లైన్ల గురించి అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నీకు ఇబ్బంది అనుకుంటే నీతో దగ్గరగా పనిచేసిన ఇంకొకరి పేరు ఇవ్వు." ఈ మాట మొహమాటం లేకుండా అనగలిగితే సగం చిక్కు అక్కడే తీరిపోతుంది.

చట్టం ఏమంటుంది

"నిజమే కదా చెప్పాను, ఎవడేం చేస్తాడు?" అనేవాళ్లు ఒక సంగతి తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో పరువునష్టం 356వ సెక్షన్. పాత ఐపీసీలో అది 499. క్రిమినల్ పరువునష్టంలో నిజం కావడం ఒక్కటే సరిపోదు. అది చెప్పడం ప్రజాహితం కోసం అవసరమై ఉండాలి, లేదా ఇతర మినహాయింపుల్లో ఏదో ఒకటి వర్తించాలి. రిఫరెన్స్‌కి దగ్గరగా ఉండేది తొమ్మిదో మినహాయింపు. తన ప్రయోజనాన్నో ఇంకొకరి ప్రయోజనాన్నో కాపాడటానికి సద్బుద్ధితో చెప్పిన మాట నేరం కాదు. చట్టంలో ఉదాహరణ కూడా ఉంది. ఒక దుకాణదారు తన వ్యాపారం చూసే మనిషితో "ఫలానా అతని నిజాయితీ మీద నాకు నమ్మకం లేదు, డబ్బు చేతిలో పెడితేనే సరుకు ఇవ్వు" అంటాడు.

ఇక్కడ సద్బుద్ధి అంటే మనసులో కుళ్లు లేకపోతే చాలదు. తగిన జాగ్రత్త, శ్రద్ధ లేకుండా చేసింది సద్బుద్ధితో చేసినట్టు కాదని చట్టమే అంటుంది. టికెట్లు తెరిచి చూసిన అరగంట విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఇంగ్లండ్‌లో ఇదే విషయం మీద పెద్ద కేసు నడిచింది. స్ప్రింగ్ వర్సెస్ గార్డియన్ అష్యూరెన్స్, 1994. బీమా రంగంలో పనిచేసిన ఒకతని గురించి పాత కంపెనీ ఇచ్చిన రిఫరెన్స్‌లో నిజాయితీ లేని మనిషి అని ఉంది. రాసినవాళ్లకి ద్వేషం లేదు, అది నిజమనే నమ్మారు. కాకపోతే సరిగా విచారించుకోలేదు. రిఫరెన్స్ ఇచ్చే పాత యజమానికి తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉందని హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో టీమ్‌లు నడుపుతున్న మనవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి.

నిజాయితీకి సంబంధించిన ప్రశ్నలు ఇందుకే వేరు. దొంగ బిల్లులు పెట్టాడని విచారణ జరిగి, రికార్డు మీద తేలి ఉంటే, అది కంపెనీ విషయం. "దాని గురించి హెచ్‌ఆర్‌ని రాతపూర్వకంగా అడగండి" అనాలి. మనకి అనుమానం మాత్రమే ఉంటే ఆ అనుమానం మన దగ్గరే ఉండాలి, గొంతులో కూడా వినిపించకూడదు. లైంగిక వేధింపుల ఫిర్యాదులకి ఇంకా గట్టి కట్టడి ఉంది. 2013 చట్టం 16వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు చేసినవాళ్ల వివరాలు, విచారణ సంగతులు బయటపెట్టకూడదు. రిఫరెన్స్ కాల్‌లో మేనేజర్ దాన్ని ఎత్తడం అంటే ఫిర్యాదు చేసిన అమ్మాయిని కూడా రోడ్డు మీదికి లాగడమే.

ఇక "పెళ్లయిందా సార్? పిల్లల ప్లాన్ ఏమైనా ఉందా? లీవులు ఎక్కువ పెడతారా?" లాంటివి మాటల్లో కలిపి అడిగేస్తారు, ముఖ్యంగా ఆడపిల్లల గురించి. ఆరోగ్యం, గర్భం, ఇంటి పరిస్థితులు, కులం, ఊరు, ఇవేవీ మన సాక్ష్యంలో భాగం కావు. "అవి నేను చెప్పేవి కావండీ, పని గురించి అడగండి" అని అక్కడికక్కడే ఆపేయొచ్చు. "ఆరోగ్యం బాగాలేక లీవులు పెట్టింది పాపం" అని జాలితో అన్నా జరిగే నష్టం అదే.

చివరిగా, అభ్యర్థి మన పేరు ఇవ్వకపోయినా లింక్డ్‌ఇన్‌లో చూసి రిక్రూటర్ నేరుగా మనకి ఫోన్ చేసే సందర్భం ఒకటి ఉంది. ఇది రోజురోజుకీ మామూలైపోతోంది. ఆమె ఉద్యోగం వెతుకుతున్న సంగతి ప్రస్తుత కంపెనీకి తెలియకపోవచ్చు, మన స్నేహితుడే అక్కడ ఆమె మేనేజర్ కావచ్చు. అప్పుడు నా జవాబు ఎప్పుడూ ఒకటే. "ఆమె నా పేరు ఇచ్చిందని ఆమె నుంచి ఒక మెసేజ్ రానివ్వండి, సంతోషంగా మాట్లాడతాను." ఆ ఫోన్ వచ్చిన సంగతి ఆమెకి తప్ప ఇంకెవరికీ చెప్పను.